ఎత్తుకుపోయిన మిషన్‌కు కిస్తు

1996 ఆగస్టు తొమ్మిది, శుక్రవారం పొద్దున రామన్నపేటలో ప్రమీలమ్మ ఇంట్లోంచి కుట్టుమిషన్‌ను లియాఖత్ అలీ మనుషులు ఎత్తుకుపోయారు. సూది కింద ఉన్న జాకెట్టును తీసి మంచం మీద పడేశారు.

ఆమె దాన్ని లియాఖత్ అలీ దుకాణంలోనే కిస్తుల మీద కొన్నది. కిస్తులు నల్గొండ ఫైనాన్స్ కంపెనీకి కడుతోంది. కంపెనీ తన కమీషన్ పట్టుకొని మిగతా సొమ్ము తర్వాత దుకాణానికి పంపాలి. మొదటి మిషన్ దారం తెంపుతుంటే లియాఖత్ అలీ వేరేది ఇచ్చాడు. తన దగ్గరున్న పాత బిల్లు నకలు చింపేసి, కొత్త నంబరుతో ఇంకో బిల్లు రాసి కంపెనీకి పంపాడు. ఆ నంబరు తమ ఆర్డరులో లేదని కంపెనీ అతని పైసలు ఆపేసింది.

ప్రమీలమ్మ దుకాణానికి పరుగెత్తింది.

"సేటూ, మూడు కిస్తులు కట్టిన గదా!"

"నాకు గట్టినవా అక్కా? వాళ్లకు కట్టినవు. జాకెట్లు గూడ వాళ్లనే కుట్టుమను."

దుకాణంలో ఉన్నవాళ్లు నవ్వారు.

ఆమె బస్సెక్కి నల్గొండ పోయింది.

"మిషన్ గుంజుకపోయిండు సారూ. ఇగ కిస్తు ఎందుకు కట్టాలె?"

గుమాస్తా కాగితం తీసి చూపాడు. "పాత బిల్లు మీద మిషన్ ముట్టిందని నీ సంతకమే ఉన్నది. గది సేటుతోని తేల్చుకో. కిస్తు ఆపితే జామీనున్న నీ తమ్ముని ఇంటికి వస్తం."

వారం తిరక్కుండా లియాఖత్ అలీ ఆ మిషన్‌ను ఆలేరు మనిషికి నగదుకు అమ్మాడు.

సెప్టెంబరు ఐదున ప్రమీలమ్మ కాళ్ల పట్టీలు కుదువబెట్టి నాలుగో కిస్తు కట్టింది.