ఒక మేకుకి ఒకే చొక్కా

మా హోటల్లో ఆయన్ని అందరూ పేర్ల మేస్టారు అంటారు. ముప్పై ఏళ్లుగా రిసెప్షన్ కౌంటర్ దగ్గర నిలబడి, ఒక్కరాత్రి బస చేసినవాడు ఏడాది తర్వాత వచ్చినా పేరుపెట్టి పలకరించిన మనిషి. ఆయన పక్కన నేను చేరి నాలుగు నెలలు. నాకు నోరెక్కువ, ఓపిక తక్కువ.

"పేరు మరిచిపోవడమన్నది ఉత్తిమాట. అసలు మనం వినం," అనేవారు. "వాళ్లు పేరు చెబుతుంటే మనం తర్వాత ఏం మాట్లాడాలా అని చూసుకుంటూ ఉంటాం. ముందు విను. విన్నవెంటనే ఒకసారి పైకి అను. సరిగ్గా వినపడకపోతే అప్పుడే అడుగు, సిగ్గుపడకు."

ఆ తర్వాత మొహం. కళ్లజోడుని గుర్తుగా పట్టుకోకు, తీసేస్తారు. మీసం పట్టుకోకు, గొరిగేస్తారు. చెవో ముక్కో చూసుకుని, ఆ పేరు వినగానే తోచే బొమ్మనొకదాన్ని దానికి తగిలించు. లిఫ్టు తలుపు మూసుకునేలోగా ఒకసారి, పది నిమిషాలకి ఇంకోసారి, టీ తాగుతూ మరోసారి గుర్తు చేసుకో. సాగనంపేటప్పుడు పేరుతో సాగనంపు.

"కానీ చెవో ముక్కో మేకు అనుకో, పేరు చొక్కా. ఒక మేకుకి ఒకే చొక్కా," అని హెచ్చరించేవారు. "కొట్టొచ్చినట్టు కనిపించే మేకుని నమ్మకు. దానిమీద పాతవాడెవడో ముందే వేలాడుతుంటాడు."

ఇంకోమాట కూడా అనేవారు. "తప్పు పేరుతో పిలిస్తే మొదటిసారి దిద్దుతారు. రెండోసారి దిద్దలేదంటే మనమీద ఆశ వదిలేసుకున్నట్టే."

కిందటి నెల ఆయన నన్ను, నాకు ముందు ఈ కుర్చీలో కూర్చున్న అమ్మాయి పేరుతో పిలిచారు. "ఆవిడ మానేసింది మేస్టారూ, నేను వేరే!" అని పకపకా నవ్వాను. ఆయన కూడా నవ్వారు, కానీ చెవులు ఎర్రబడ్డాయి. నా ఆ నవ్వు తలుచుకుంటే ఇప్పుడు నా చెంప నేనే వాయించుకోవాలనిపిస్తుంది.

హోటల్ చేతులు మారింది. కొత్త యజమాని కౌంటర్ తీసేసి, వచ్చినవాళ్లు తామే పేరు కొట్టుకుని తాళం తీసుకునే యంత్రం పెడతానన్నాడు. పాత మేనేజర్ మేస్టారి గురించి చెప్పి బతిమాలితే, "సరే, మా ఆవిడనీ బావమరిదినీ తీసుకొస్తాను. మా పేర్లు ముందుగా ఎవరూ ఆయనకి చెప్పొద్దు. పొద్దున ఒక్కసారి చెబుతాం, సాయంత్రం పేర్లతో సాగనంపితే కౌంటర్ ఉంటుంది," అన్నాడు. మేస్టారికి యాభై తొమ్మిది. ఈ కౌంటర్ తప్ప ఆయనకి వేరే పని రాదు, వేరే చోటు ఇచ్చేవాళ్లూ లేరు.

పొద్దున పదింటికి వచ్చారు. మేస్టారు ముగ్గురి పేర్లూ విని, తిరిగి పలికి, చేతులు జోడించారు. వాళ్లు లిఫ్టెక్కాక నావైపు వంగారు.

"యజమానికి గడ్డం సొట్ట. ఆవిడకి చెవి తమ్మె. బావమరిదికే ఏమీ దొరకడం లేదు."

"కనుబొమ్మని చీల్చుకుంటూ అంత గాటుంటే దొరకదంటారేంటి మేస్టారూ!" అన్నాను. తెలివైనదాన్ని కదా.

ఆయన ఒక్కక్షణం తటపటాయించారు. "అదే కానీలే," అన్నారు.

రోజంతా ఆయన పెదవులు కదులుతూనే ఉన్నాయి. మధ్యాహ్నం మూడు పేర్లూ తప్పులేకుండా అప్పజెప్పారు. నాకు కొండంత ధైర్యం వచ్చింది.

అయిదింటికి ముగ్గురూ కిందికి దిగారు. మేస్టారు యజమానిని పేరుతో పలకరించారు, సరిపోయింది. ఆవిడనీ అంతే, ఆవిడ మొహం విప్పారింది. తర్వాత బావమరిది వైపు తిరిగి, ముప్పై ఏళ్ల ఆప్యాయతంతా గొంతులోకి తెచ్చుకుని, ఒక పేరు పలికారు. అది ఆయన పేరు కాదు.

బావమరిది మంచివాడే. మెల్లగా దిద్దాడు. యజమాని కోప్పడనైనా లేదు. "పోనీలెండి, వయసు," అన్నాడు. తిట్టినా బాగుండేది.

వాళ్లు వెళ్లాక మేస్టారు స్టూలు మీద కూలబడ్డారు. "ఆరో నంబరు గదిలో కుట్టుమిషన్లు అమ్ముకునే ఆయన దిగేవాడు, ఇరవై ఏళ్ల కిందట. ఆయనకీ అదే గాటు. మేకు చూడగానే ఆయనే వచ్చి నిలబడ్డాడు. మేకుమీంచి పాతవాళ్లు దిగరమ్మా. కొత్తవాళ్లకి చోటు లేదు."

"మేకు చూపించింది నేను కదా," అన్నాను. ఏడుపొచ్చింది.

"తగిలించుకుంది నేను," అన్నారు.

నెలాఖరుకి యంత్రం వచ్చింది. కౌంటర్ పలకలు ఊడదీస్తుంటే మేస్టారు తన టీకప్పు సంచీలో పెట్టుకున్నారు. గుమ్మం దాకా వెళ్లి వెనక్కి తిరిగి, నన్ను మళ్లీ ఆ పాత అమ్మాయి పేరుతో పిలిచి, "జాగ్రత్తమ్మా, వెళ్లొస్తాను," అన్నారు.

నా పేరు నాలుక చివరిదాకా వచ్చింది. ఆఖరి రోజున కూడా ఆయన్ని దిద్దడమెందుకని మింగేశాను.

"మంచిది మేస్టారూ, వెళ్లిరండి."

ఆయన అక్కడే ఆగిపోయారు. నా మొహంలోకి పరీక్షగా చూశారు, కౌంటర్ ముందుకి వచ్చిన కొత్తవాళ్లని చూసినట్టు.

"నువ్వు దిద్దలేదు," అన్నారు.

నేనేదో అనేలోగా తలుపు తోసుకుని బయటికి నడిచారు.