జూన్ చదివిన పద్దెనిమిది పుస్తకాలు

కొరిన్ పెల్కీ పిల్లల కుర్చీలో మోకాళ్లు గడ్డానికి తగిలేలా కూర్చుంది. ఎదురుగా టీచరు మిస్ హాస్కెల్ చేతిలో కొరిన్ కూతురు జూన్ చదువు చిట్టా ఉంది, అక్టోబరు నెలది. తేదీ, పుస్తకం పేరు, నిమిషాలు, తల్లి సంతకం. అన్ని గడులూ నిండి ఉన్నాయి. నిండి ఉండటమే ఇప్పుడు కొరిన్ గుండెల్లో రాయి.

కిండర్‌గార్టెన్ మొదలైన వారంలో బడి నుంచి ఒక కాగితం వచ్చింది. "రోజూ ఇరవై నిమిషాలు" అన్న మొదటి మాట చదవగానే ఆమెకు చెమట పట్టింది. మిల్లు క్యాంటీన్ పనినుంచి ఇంటికి వచ్చేసరికే నాలుగు దాటుతుంది. మిగతాది చదివే ఓపిక లేక దాన్ని ఫ్రిజ్ తలుపుకి అంటించేసింది. వెనక వైపు కూడా అచ్చు ఉందని ఆమె చూడలేదు.

జూన్‌కేమో ఒక్క పుస్తకమే కావాలి. 'ట్రక్కు ఎక్కిన మేక'. సోమవారం మేక, మంగళవారం మేక. ఇంకో పుస్తకం తెరిస్తే చాలు, నేలమీద బోర్లా పడుకుని కళ్లు మూసుకునేది.

"నీ కూతురికి మేక పట్టింది," అని కొరిన్ తల్లి నవ్వేది. "ఇదిలాగే ఉంటే పెళ్లికి కూడా ఆ ట్రక్కులోనే వెళుతుంది."

"నవ్వకమ్మా. టీచరు ఏమనుకుంటుంది? ఈ ఇంట్లో పుస్తకమే లేదనుకోదూ?"

తరగతి గది తలుపు పక్కన అంటించిన పక్కింటి పిల్లాడి చిట్టాలో ఇరవై రెండు పేర్లు చూసింది. ఆ రోజునుంచి కొరిన్ పేర్లు కల్పించడం మొదలుపెట్టింది. 'నీలి బకెట్టు'. 'చలికాలపు చేప'. 'అంకుల్ బెన్నీ బూట్లు'. మేకను నాలుగు రోజులకొకసారి మాత్రం రాసేది, అనుమానం రాకుండా.

"పద్దెనిమిది కొత్త పుస్తకాలు," మిస్ హాస్కెల్ మెల్లగా అంది. "ప్రతి సోమవారం నేను చిట్టాలోంచి ఒకటి తీసి జూన్‌ని అడుగుతాను, ఆ కథ చెప్పమ్మా అని. ఒక్కదానికీ జవాబు లేదు. 'నీలి బకెట్టులో ఏం జరిగింది?' అంటే నన్ను వింతగా చూస్తుంది. విన్నది తలకెక్కడం లేదేమో అని నాకు బెంగ. చదువులో వెనకబడ్డ పిల్లలకి సాయం చేసే టీచరుకి పంపే కాగితం తయారు చేశాను. మీ సంతకం కావాలి."

కొరిన్ ముందు జరగబోయేది లెక్కేసుకుంది. ఇప్పుడు పరీక్షలు. తర్వాత వేరే గది. తర్వాత వచ్చే ఏడాదీ ఇదే తరగతి. నోరు మూసుకుని సంతకం పెడితే తన పరువు దక్కుతుంది, పిల్ల తెలివితక్కువదవుతుంది.

పెన్ను పట్టుకుంది. మళ్లీ కింద పెట్టేసింది.

"ఆ పుస్తకాలు లేవండి," అంది. "నేనే రాశాను. మా జూన్ చదివేది ఒకటే. మేకది."

మిస్ హాస్కెల్ కళ్లద్దాలు తీసింది.

"మూడు వారాలు, కొరిన్ గారూ. మూడు వారాలుగా పిల్లకి వినికిడి లోపమా, మరేదైనానా అని నేను నిద్ర మానుకుని ఆలోచిస్తున్నాను."

"పుస్తకాల కొదవ ఉన్న ఇల్లు అనుకుంటారేమోనని..."

"మొదటి వారం పంపిన కాగితం వెనక వైపు చూశారా?"

"వెనక ఉందా?"

టీచరు ఆ కాగితమే ఇంకొకటి తీసి తిరగేసి ముందు పెట్టింది. చూపుడు వేలు ఒక్కో వరుసమీద పెడుతూ విసుగ్గా చదివింది. అదే పుస్తకం మళ్లీ మళ్లీ చదివినా లెక్కే. మీరు చదివి వినిపించినా, బొమ్మలు చూసి పిల్ల తనే చెప్పినా, కంఠతా వచ్చినదాన్ని చదువుతున్నట్టు నటించినా లెక్కే. అట్టపెట్టె మీద పేరు చదివినా లెక్కే. పది నిమిషాలకే విసుగొస్తే పది అనే రాయండి. కుదరకపోతే కుదరలేదని రాయండి.

"చిట్టా మీకు మార్కులు వేయడానికి కాదు. పిల్లకి ఏం నచ్చుతుందో నాకు తెలియడానికి. మీరు రాసినదాంట్లో నాకు ఏమీ తెలియలేదు."

కొరిన్ తల ఊపింది.

బొమ్మల మూల నుంచి జూన్‌ని పిలిచారు. కొరిన్ సంచిలోంచి మేక పుస్తకం బయటికొచ్చింది. మిస్ హాస్కెల్ దాన్ని తీసుకుని కావాలనే ఐదో పేజీ తర్వాత ఒకేసారి ఎనిమిదో పేజీకి తిప్పింది.

జూన్ పేజీని గట్టిగా పట్టుకుంది.

"ట్రక్కులో గడ్డి ఏదీ? ఆ పేజీ దాటేశారు. అది లేకపోతే మేక ఎక్కదు కదా, గడ్డి కోసమే ఎక్కింది."

తర్వాత ఎవరూ అడగకుండానే చివరిదాకా చెప్పేసింది, డ్రైవరు గొంతుతో సహా. టీచరు 'మేక' అన్న మాట ఎక్కడుందని అడిగితే పేజీలో మూడు చోట్లా వేలు పెట్టింది.

మిస్ హాస్కెల్ సాయం కాగితాన్ని మడిచి సొరుగులో పెట్టింది, చింపలేదు. "ఇంకో నెల చూస్తాను," అంది. "ఈ చిట్టా సరిచేసి ఇవ్వండి."

కొరిన్ పేర్లన్నీ కొట్టేసి, పక్కన 'మేక' అని రాయడం మొదలుపెట్టింది. ఆరోదానికి చేయి నొప్పెట్టింది.

"పైదే అని గుర్తు పెడితే సరిపోతుంది," అంది టీచరు, గడియారం చూస్తూ.

కొరిన్ వినలేదు. వరుసకొకటి చొప్పున పద్దెనిమిదీ రాసింది.