చప్టా మీద రెండడుగుల నీళ్ళు

కారులో అయితే తాను రానని పరమేశ్వరి అప్పటికి మూడోసారి చెప్పింది. బండి కట్టించమని రాత్రి నుంచీ పోరుతూనే ఉంది. ఆవిడ మాట ఎవరి చెవికీ ఎక్కలేదు. మూడు రోజులుగా ఎడతెరిపి లేకుండా కురిసిన వాన ఆ తెల్లవారే కాస్త తెరిపిచ్చింది. ఆవిడ భర్త చంద్రశేఖరం బెజవాడలో పాతకారు కొని నెలన్నర కూడా కాలేదు. చెల్లెలి అత్తవారి వాకిట్లో దాన్ని నిలబెట్టాలని అతని సరదా. కారు ఇంట్లో పెట్టుకుని ఎడ్లబండిలో దిగితే గంపలగూడెంలో వాళ్ళు ముక్కున వేలేసుకుంటారని అతను అన్నాడు. అత్తగారు కొడుకు వైపే మాట్లాడింది. ఆవిడకు కారు సంగతి కాదు, గడియారం సంగతి.

ఆడపడుచు సీతామహాలక్ష్మికి ఏడో నెల. పుట్టింటివాళ్ళు చలిమిడి పెట్టాలి. బేసి నెలలోనే పెట్టాలి. ఎల్లుండి నుంచి ఎనిమిదో నెల లెక్కలోకి వస్తుందని పురోహితుడు తేల్చాడు. ఆ రోజు పదకొండు గంటల లోపు ముహూర్తం మంచిదన్నాడు. బండిలో వెళితే మధ్యాహ్నమవుతుంది.

"నీకు ప్రతిదానికీ భయమే అమ్మాయ్. ఆడపిల్ల ఒడిలో చలిమిడి పడకపోతే దాని అత్తగారు ఏమంటుందో నీకేం తెలుసు?" అంది అత్తగారు.

పరమేశ్వరి చలిమిడి ముద్దని అరిటాకులో చుట్టి బుట్టలో పెట్టింది. దానిమీద పట్టుచీర, గాజులు, పసుపు కుంకుమల పొట్లాలు సర్దింది. ఆరేళ్ళ కూతురు పద్మజను పక్కన కూర్చోబెట్టుకుని, అత్తగారితోపాటు వెనక సీట్లో కూర్చుంది. మామగారు ఆదిశేషయ్యకి మోకాళ్ళ నొప్పులు కనుక ఇంట్లోనే ఉండిపోయాడు. ఆయన గుమ్మంలో నిలబడి వాగు చూసుకుని వెళ్ళమన్నాడు. చూసుకునే వెళతామన్నాడు కొడుకు.

తిరువూరు నుంచి వెళుతూ వినగడప దాటాక రోడ్డు కిందికి జారి వాగులోకి దిగుతుంది. అక్కడ వంతెన లేదు. వాగు అడుగున రాళ్ళు పేర్చి సున్నంతో గట్టిచేసిన చప్టా ఉంది. ఎండాకాలం దానిమీద దుమ్ము లేస్తుంది. వానాకాలం దానిమీదుగా వాగు పారుతుంది. దిగువ వైపు అంచున వరసగా రాతిస్తంభాలు నిలబెట్టి ఉన్నాయి. వాటిలో మధ్యదానికి అడుగుల గీతలు తెల్లసున్నంతో వేసి ఉన్నాయి.

కారు ఆగేసరికి వాగు చప్పుడు అద్దాలలోంచి వినపడింది. ఎర్రటి నీళ్ళు, ముళ్ళకంపలు. ఎక్కడిదో తాటిమొద్దు ఒకటి దొర్లుకుంటూ పోయింది. పరమేశ్వరి పద్మజ చెయ్యి గట్టిగా పట్టుకుంది.

ఒడ్డున రోడ్డు పని మేస్త్రీ ఏసోబు, నలుగురు కూలీలు ఉన్నారు. వాళ్ళ దగ్గర తాళ్ళు, గడకర్రలు ఉన్నాయి. వానాకాలమంతా అతను అక్కడే కాపలా ఉంటాడు. అప్పుడే అవతల నుంచి ఎడ్లబండి ఒకటి చప్టా మీదుగా ఇవతలికి వచ్చింది. ఎడ్ల పొట్టలు నీళ్ళకి ఆనుతున్నాయి. బండివాడు ముల్లుకర్ర ఊపుతూ అదిలిస్తూ గట్టెక్కాడు.

చంద్రశేఖరం అద్దం దించి, వెనక్కి తిరిగి పరమేశ్వరిని చూసి నవ్వాడు. "చూశావుగా? మన కారు ఆ బండికి రెండింతలు బరువుంటుంది. అది దాటింది, ఇది దాటదా?"

ఏసోబు దగ్గరికి వచ్చి తలపాగా విప్పి చంకలో పెట్టుకున్నాడు. ఇప్పుడు రెండడుగుల గీత మునిగిందనీ, ఇంకా ఎక్కుతోందనీ, కారు తియ్యొద్దనీ చెప్పాడు. బండి సంగతి వేరన్నాడు. బండి చక్రం కర్ర ఆకుల చక్రం. నీళ్ళు ఆకుల మధ్యనుంచి పోతాయి. బండి బల్ల ఎత్తున ఉంటుంది, దానికింద కూడా నీళ్ళు పోతాయి. ఎడ్లకి నాలుగేసి కాళ్ళున్నాయి, గిట్టలతో రాయిని పట్టుకుంటాయి.

"తమ కారు మూసిన పెట్టె బాబుగారూ. నీళ్ళు దాంట్లోంచి పోవు, దానికి అడ్డం కొడతాయి. లోపలికి వచ్చేదాకా అడుగునుంచి పైకి లేపుతాయి."

"టన్ను బరువుని లేపుతాయా?" అన్నాడు చంద్రశేఖరం. మిల్లు నడిపే మనిషి, బరువుల లెక్క తనకొకడు చెప్పాలా అన్నట్టు.

రోడ్డు పనులు చూసే ఓవర్సీరుగారు తనతో అన్న లెక్క ఏసోబు చెప్పాడు. ఇలాంటి కారు ధాన్యం బస్తాల లెక్కన పదమూడు, పద్నాలుగు తూగుతుంది. నీళ్ళు అడుగు ఎత్తుకు వచ్చేసరికి కారు అడుగుచెక్కకి తగులుతాయి. అక్కడినుంచి ఇంకో అడుగు ఎక్కితే ఎనిమిది, తొమ్మిది బస్తాల బరువు నీళ్ళే మోస్తాయి. చక్రాలమీద నాలుగైదు బస్తాలే మిగులుతాయి. ఆ కాస్త బరువుతో టైరు రాయిని ఏం పట్టుకుంటుంది? పక్కనుంచి తోసే తోపు మాత్రం తగ్గదు. నీళ్ళ పరుగు రెండింతలయితే తోపు నాలుగింతలవుతుంది. ఆపైన ఇంకో అరడుగు ఎక్కితే ఆ మిగిలిన బరువూ ఉండదు.

పరమేశ్వరికి బస్తాల లెక్క పూర్తిగా అందలేదు. కానీ నీళ్ళు బరువు మోయడం ఆవిడకు తెలుసు. రోజూ నూతిలో చేద తోడుతుంది. నిండిన చేద నీళ్ళలో ఉన్నంతసేపూ చేతికి బరువే ఉండదు. పైకి తేలిన క్షణానే తాడు అరచేతిని కోస్తుంది. అంట్లు తోమేటప్పుడు గంగాళంలోకి ఖాళీ బిందెని అదిమితే అది మొండిగా పైకి తంతుంది. కారు ఖాళీ బిందె. అందులో తన బిడ్డ కూర్చుని ఉంది.

తలుపు తీసి దిగింది. పద్మజని దింపింది. అత్తయ్యగారూ మీరూ దిగండి అంది. అత్తగారు వాగు వైపు ఒకసారి చూసి దిగింది.

చంద్రశేఖరానికి చిన్నతనమనిపించింది. కూలీల ఎదుట వెనక్కి తిప్పడం అతనివల్ల కాలేదు. "మంచిదే, మీరు దిగితే కారు తేలికవుతుంది. తేలికైతే జోరుగా దాటేస్తుంది. ముందు నేను వెళ్ళిపోతాను, నీళ్ళు తగ్గాక ఇదే ఎడ్లబండిలో రండి. చలిమిడి మటుకు వేళకి అందుతుంది."

తేలికయ్యేకొద్దీ ముందే తేలుతుంది బాబూ అని ఏసోబు అంటూనే ఉన్నాడు. పరమేశ్వరి కిటికీ పట్టుకుంది. "ఏమండీ, నా మాట వినండి. ఒక్కసారికి వినండి." చంద్రశేఖరం ఆ చేతిని మెల్లగా తీసేసి కారుని చప్టా మీదికి దించాడు.

మొదట ఏమీ కాలేదు. చక్రాలు చీలుస్తుంటే నీళ్ళు పక్కలకి లేచాయి. అత్తగారు కళ్ళు మూసుకుని ఏదో గొణుక్కుంటోంది. మూడోవంతు దాటాక కారు చప్పుడు మారింది. ఇంజను గోల పెడుతోంది గానీ కారు ముందుకు పోవడం లేదు. వెనక చక్రాలు నీళ్ళలో ఊరికే తిరుగుతున్నాయి. ఇంజను ఉన్న ముందుభాగం ఇంకా రాయిని ఆనుకునే ఉంది. ఖాళీ వెనకభాగం ఊయలలాగా లేచింది. ఆ తర్వాత చాలా నెమ్మదిగా, ఎవరో చేత్తో జరిపినట్టుగా, దిగువ వైపుకి తిరిగింది.

పరమేశ్వరికి తిరుగుతున్నది కారు కాదు, తన బతుకు అనిపించింది. పద్మజ ముఖాన్ని తన కడుపుకి అదుముకుంది, చూడనివ్వలేదు.

కారు వెనకవైపు రెండు రాతిస్తంభాలకి తగులుకుని ఆగింది. ఎగువ పక్కన నీళ్ళు గోడలా ఎత్తుకి లేచి అద్దాలదాకా వచ్చాయి. కారు ఒరుగుతోంది. ఏసోబు అప్పటికే నడుముకి తాడు కట్టుకున్నాడు. నలుగురూ రెండో కొసని పట్టుకుని కాళ్ళు నేలకి తన్నిపట్టారు. అతను గడకర్ర గుచ్చుకుంటూ అడుగు తర్వాత అడుగు వేస్తూ అరిచాడు.

"దిగువ తలుపు తోయండి బాబూ. నీళ్ళు రానివ్వండి లోపలికి."

చంద్రశేఖరం తల అడ్డంగా ఆడించడం అద్దంలోంచి కనిపించింది. నీళ్ళని లోపలికి రానివ్వడమేమిటని అతనికి. ఇన్నాళ్ళూ కారులోకి చినుకు పడకుండా కాపాడుకున్న మనిషి.

పరమేశ్వరికి బిందె గుర్తొచ్చింది. ఖాళీగా ఉన్నంతసేపే అది తంతుంది. మూతి ఒరిగి నీళ్ళు చొరబడితే నోరు మూసుకుని అడుక్కి కూర్చుంటుంది. ఆవిడ ఒడ్డు అంచుదాకా పరుగెత్తింది. పెళ్ళయిన తొమ్మిదేళ్ళలో భర్తని పేరుపెట్టి పిలిచి ఎరగదు.

"చంద్రశేఖరం, తలుపు తన్ను. బిందె నిండాలి, నిండితేనే కూర్చుంటుంది."

అతనికి ఏది అర్థమైందో ఏమో. దిగువ తలుపు తెరుచుకుంది. ఎర్రనీళ్ళు సీటుదాకా నిండాయి. ఊగుతున్న కారు కుదుటపడి చక్రాలమీద బరువుగా కూర్చుంది. ఆ కాసేపట్లో ఏసోబు అందుకున్నాడు. చంద్రశేఖరం చంకల కింద తాడు తిప్పి, కారుని ఆసరా చేసుకుని ఇద్దరూ ఒకరినొకరు పట్టుకుని నడిచారు. తొడలదాకా నీళ్ళు. ఒకసారి చంద్రశేఖరం కాలు జారింది. తల మునిగింది. నలుగురూ లాగారు.

గట్టుమీద పడేసరికి అతని పెదవులు నల్లబడి ఉన్నాయి. పరమేశ్వరి అతని ముఖం కొంగుతో తుడుస్తూ కూర్చుంది.

పావుగంటలో వాగు ఇంకో అరడుగు లేచింది. లోపల నీళ్ళు నిండి బరువుగా ఉన్నా, ఆ తోపుకి కారు ఆగలేదు. స్తంభం ఒకటి మొదలంటా విరిగిన చప్పుడు వినపడింది. ఇంజను ఉన్న వైపు తలని ముంచి, వెనకభాగం పైకెత్తి, కారు అంచు దాటి కిందికి దొర్లింది. చలిమిడి బుట్ట ఒక్క క్షణం నీళ్ళమీద కనిపించి తాటిమొద్దు పోయిన దారినే పోయింది.

వినగడప రైతు ఒకాయన తన బండిలో వాళ్ళని తిరువూరు చేర్చాడు. ఇంటిల్లిపాదీ వసారాలో చేరారు. ఆదిశేషయ్య కొడుకుని తడిమి తడిమి చూశాడు. దుప్పట్లు, మిరియాల కషాయం, పొరుగువాళ్ళ పలకరింపులు అన్నీ అయ్యాయి. అందరూ కాస్త నెమ్మదించాక అత్తగారు మెల్లగా నోరు తెరిచింది. రేపు మధ్యాహ్నందాకా అమావాస్య రాదట. ఇప్పుడే బియ్యం నానబోస్తే రాత్రికి పిండి దంచుకుని తెల్లవారకుండానే బయల్దేరొచ్చు. ఎడ్లబండి ఎలాగూ దాటుతుందని కళ్ళారా చూశాం కదా. ఎనిమిదో నెలలో పనికిరాదు, ఊళ్ళో తలెత్తుకోలేం అంది.

చంద్రశేఖరం దుప్పటి కప్పుకుని నేలచూపులు చూస్తున్నాడు. వెళతాననబోతున్నాడని పరమేశ్వరికి తెలుసు. నిన్నటి పరమేశ్వరి అయితే మామూలుగా వంటింట్లోకి వెళ్ళిపోయేది.

పద్మజని ఒళ్ళో సర్దుకుని అక్కడే కూర్చుంది. చప్టా మీద కొట్టుకుపోవడానికి బండికి ఇంకో అరడుగు నీళ్ళు చాలనీ, ఎడ్లు కూడా పొట్టలు మునిగితే తేలిపోతాయనీ తాము తిరిగి వచ్చేటప్పుడు ఏసోబు చెప్పాడంది. అప్పుడు అందరివైపూ ఒక్కసారి చూసింది.

"రేపు ఎవరూ వెళ్ళరు," అంది, పిల్ల నిద్ర చెదరకుండా గొంతు తగ్గించి. "చలిమిడి తొమ్మిదో నెలలో పెడతాం. సీతామహాలక్ష్మి అత్తగారికి నేనే ఉత్తరం రాస్తాను."