మోకాలి పైనుంచి తీసిన ముక్క

డాక్టరమ్మకు ముక్కు మీదే కోపం. రోగి కూర్చోకముందే ఎవరైనా స్కాను ఫిల్ము చేతికిస్తే ఆ కోపం రెట్టింపవుతుంది. ఆ రోజు ఫుట్‌బాల్ కోచ్ సరిగ్గా ఆ పనే చేశాడు.

"కాలు ఎదురుగా పెట్టుకుని కాగితం ఎందుకండీ?" అని ఆవిడ కవరును విప్పకుండానే పక్కన పడేసింది. "దెబ్బ ఎలా తగిలిందో ముందు ఆ అమ్మాయిని చెప్పనివ్వండి."

అమ్మాయికి ఇరవై రెండేళ్ళు. బక్కపల్చని మనిషి, చురుకైన కళ్ళు. జట్టులో అందరూ తూనీగ అని పిలుస్తారట. వెనకాల గోడకు ఆనుకుని వాళ్ళమ్మ నిలబడింది, నోట్లో నాలుక లేనట్టు.

"ఎవరూ తగల్లేదు మేడమ్," అంది తూనీగ. "పరిగెత్తుతూ పక్కకి తిరుగుదామని కాలు ఆనించాను. పాదం నేలకి అతుక్కుపోయింది, ఒళ్ళు మాత్రం తిరిగింది. మోకాలు లోపలికి పడిపోయింది. టప్పుమని చప్పుడు నాకే వినబడింది."

"వాపు ఎప్పుడొచ్చింది?"

"ఇంటికెళ్ళేలోపే. రెండు గంటలు కూడా పట్టలేదు."

డాక్టరమ్మకు సగం సంగతి అక్కడే తెలిసిపోయింది. ఎవరూ గుద్దకుండా, పాదం కదలకుండా, మోకాలు లోపలికి ఒరిగి మెలిపడటం, చప్పుడు, వెంటనే వాపు. అంత తొందరగా ఉబ్బిందంటే కీలు నిండా నెత్తురు చేరినట్టు. నూటికి డెబ్బై మందికి ఇలాంటప్పుడు తెగేది మోకాలి నడిమధ్యన తొడ ఎముకనూ కాలి ఎముకనూ పట్టి ఉంచే ఏసీఎల్ అనే లిగమెంటే.

దెబ్బ తగిలిన మర్నాడు ఇంకెక్కడో చూపించారట. ఉబ్బిన మోకాలిని మడిచి లాగి చూసి, ఎక్స్‌రేలో ఏమీ లేదని కట్టు కట్టి పంపేశారు. నొప్పికి తొడ వెనక కండరాలు బిగుసుకుపోయి ఉంటే ఎంత లాగినా ఎముక కదలదు. కదలకపోతే బాగున్నట్టే కనబడుతుంది. ఆరు వారాలు గడిచాయి. వాపు తగ్గింది కానీ మెట్లు దిగేటప్పుడు కాలు జారిపోతోంది.

డాక్టరమ్మ ముందు బాగున్న కాలు పట్టుకుంది. ఏ మనిషి మోకాలు ఎంత వదులో వాళ్ళ రెండో కాలే చెప్పాలి. తర్వాత దెబ్బతిన్న కాలిని ఇరవై, ముప్ఫై డిగ్రీలు మాత్రమే మడిచి, ఒక చేత్తో తొడ పట్టుకుని, రెండో చేత్తో పిక్కను ముందుకు లాగింది. అమ్మాయి బిగుసుకుంది.

"గోల్ కొట్టాక నువ్వు గెంతుతావా, డాన్సు చేస్తావా?"

తూనీగ నవ్వింది. ఆ నవ్వులో కండరం వదులైంది. కాలి ఎముక ముందుకు జారింది, ఎక్కడా గట్టిగా ఆగలేదు. బాగున్న కాలిలో అదే చోట టక్కున ఆగింది. ఇక ఫిల్ము విప్పి చూస్తే ఏసీఎల్ పూర్తిగా తెగింది, ఎముకల మధ్య మెత్తల్లా ఉండే మెనిస్కస్‌లు రెండూ బాగున్నాయి.

"తెగినదాన్ని కుడితే చాలామందికి నిలవదు. నీ ఒంట్లోంచే, కండరాన్ని ఎముకకి కట్టి ఉంచే టెండన్ ముక్క ఒకటి తీసి ఆ స్థానంలో పెడతాను, దాన్ని గ్రాఫ్ట్ అంటాం," అంది డాక్టరమ్మ. "మోకాలి చిప్ప కింది టెండన్, రెండు చివర్లా చిన్న ఎముక ముక్కలతో సహా. ఎముక ఎముకకి తొందరగా అతుక్కుంటుంది. ఉరికేవాళ్ళకి నేను అదే వేస్తాను. మూడొందల పైచిలుకు వేశాను."

"తొడ వెనకది తీస్తారని విన్నాను?" అన్నాడు కోచ్.

"తీస్తారు. కోత చిన్నది, ముందువైపు నొప్పి తక్కువ. కానీ ఈ అమ్మాయికి ఆ టెండన్లు సన్నంగా ఉంటాయి. కుర్ర ఆటగాళ్ళలో అది మళ్ళీ తెగడం కాస్త ఎక్కువ. పైగా మోకాలు ముందుకు జారకుండా కాపాడేవి ఆ కండరాలే. చనిపోయినవాళ్ళు దానం చేసినది పెట్టడం ఈ వయసులో అసలే వద్దు, ఇంకా తొందరగా తెగుతుంది. ఆట కాకుండా ఇంకేమైనా చేస్తావా?"

"లేదు మేడమ్, ఆటే," అంది తూనీగ, కోచ్ వైపు చూడకుండా.

ఆపరేషన్ రోజు పొద్దున్నే కోత గీత గీయడానికి డాక్టరమ్మ వార్డుకొచ్చింది. పెన్ను మోకాలి మీద ఆగిపోయింది. చిప్ప కింద చర్మం నల్లగా, మందంగా, చెప్పు అట్టలా ఉంది. రెండో మోకాలూ అంతే. మొదటి రోజు లోపల ఏం తెగిందో వెతుకుతూ పైన ఉన్నది చూడనేలేదు.

"ఇదేంటి?"

"ఆటలో పడ్డప్పుడు..."

"పడితే గీరుకుంటుంది, కాయ కాయదు. అదీ రెండు కాళ్ళకీ ఒకే చోట."

తూనీగ దుప్పటిని మోకాళ్ళ మీదికి లాక్కుంది. అన్ని రోజులుగా గోడలా ఉన్న తల్లి అప్పుడు నోరు విప్పింది. "టైల్స్ పరుస్తాం మేడమ్. నేనూ, అదీ. పదహారేళ్ళప్పట్నుంచీ నాతోనే."

"అమ్మా!"

"ఎందుకే దాపరికం? రోజంతా మోకాళ్ళ మీదే కదా మన బతుకు!"

"ఎందుకు చెప్పలేదు?" అంది డాక్టరమ్మ. కోపంగానే అడిగింది.

తూనీగ దుప్పటి అంచు చూస్తూ అంది: "ఆటగత్తెనంటే ఆటకి తగ్గట్టు చేస్తారు. కూలిపని అంటే నడిస్తే చాల్లే అని చేసి పంపేస్తారేమోనని."

డాక్టరమ్మ పెన్నుకు మూత పెట్టింది. మంచం అంచున కూర్చుంది. ఆ మాట అన్యాయమని కొట్టిపారేద్దామనుకుంది, కానీ అలా నడిచే కాలు చాల్లే అన్నవాళ్ళను ఆవిడ చాలామందినే చూసింది.

"విను. నేను వేస్తానన్నది ఆటకి మంచిదే. కానీ అది తీసిన చోట మోకరిల్లితే చాలామందికి నొప్పి. కొందరికి ఏళ్ళ తరబడి ఉంటుంది. నీకు అది వేస్తే నీ పనికి నేనే అడ్డుకట్ట వేసినట్టు."

"పని మానేస్తాను."

"ఆట ఎన్నేళ్ళే?" అంది తల్లి.

"ఇంకో దారి ఉంది," అంది డాక్టరమ్మ. "చిప్ప పైనుండే తొడ ముందు టెండన్. మందంగా ఉంటుంది, మోకరిల్లినప్పుడు నొప్పి చాలా తక్కువ. మళ్ళీ తెగడమూ మిగతావాటికంటే ఎక్కువేం కాదని ఇప్పటివరకూ తేలింది. తొడ బలం తిరిగి రావడం మాత్రం ఆలస్యం, ఒళ్ళొంచి కసరత్తు చేయాలి."

"మీరు అది ఎన్ని చేశారు?" అంది తూనీగ.

మంచి ప్రశ్న. డాక్టరమ్మకు అంతగా నచ్చని ప్రశ్న.

"నాలుగు."

ఎక్కువ చేసినవాడు ఒకడున్నాడు. ఆవిడ దగ్గరే పని నేర్చుకున్నాడు. ఆ పద్ధతి గురించి వాడు మాట్లాడిన ప్రతి సమావేశంలోనూ ఈవిడ "కొత్తొక వింత" అని పదిమందిలో నవ్వింది. ఇప్పుడు ఏ మొహం పెట్టుకుని పిలవడం? వరండాలోకి వెళ్ళి రెండుసార్లు ఫోను తీసి పెట్టేసింది. మూడోసారి చేసింది.

"ఒక ఆపరేషన్ ఎల్లుండికి మార్చాను, రాగలవా? నువ్వు చెయ్యి. నేను పక్కన నిలబడతాను."

"వస్తాను మేడమ్," అన్నాడు వాడు. ఎత్తిపొడుపు మాట ఒక్కటీ అనలేదు. అన్నా బాగుండేదనిపించింది ఆవిడకు.

మత్తులో తూనీగ కండరాలన్నీ వదిలేశాక, కోతకు ముందు చివరి పరీక్షగా డాక్టరమ్మ ఆ కాలిని చాచి, పాదం లోపలికి తిప్పి, మోకాలిని లోపలికి నెడుతూ మెల్లగా మడిచింది. ముందుకు జారి ఉన్న ఎముక ముప్ఫై డిగ్రీల దగ్గర గట్టిగా ఎగిరి చోటులోకి పడింది. తర్వాత పక్కకు తప్పుకుని, మూడొందల పైచిలుకు మోకాళ్ళు చేసిన చేతులతో శిష్యుడికి కాలు పట్టుకుంది. అంతా అయ్యాక వాడు తప్పుకుని మళ్ళీ చూడమన్నాడు. ఈసారి ఎముక జారలేదు.

పదకొండు నెలలకు తూనీగ వచ్చింది. గెంతు పరీక్షలో రెండు కాళ్ళూ దాదాపు సమానంగా దూకింది. ఆట మళ్ళీ మొదలుపెట్టింది. జట్టులో మాత్రం ఇంకా బెంచీ మీదే.

"మోకాళ్ళ మీద కూర్చోగలవా?" అంది డాక్టరమ్మ.

తూనీగ గది నేల మీద మోకరిల్లింది. మొదట కొంచెం మొహం చిట్లించింది. తర్వాత బరువంతా వేసింది. డాక్టరమ్మ చూపు ఆ మోకాలి మీదే ఉంది. తూనీగ మాత్రం ముందుకు వంగి వేలి కణుపుతో నేలను రెండుచోట్ల కొట్టి విని, తలెత్తింది.

"ఈ టైలు కింద బోలు మేడమ్. ఎవరు పరిచారో గానీ, శుద్ధ బద్ధకం. ఆదివారం వచ్చి తీసి వేస్తాను."