ల్యాబ్ రిపోర్టు మెయిల్

ఆర్మూర్‌లోని ఒక పసుపు ఎగుమతి కంపెనీ స్టాఫ్‌కి ‘ల్యాబ్ రిపోర్టు’ పేరుతో దొంగ మెయిల్ వచ్చింది. లింకు నొక్కితే పాస్‌వర్డ్ అడుగుతోంది. కంప్యూటర్లు చూసుకునే యమున హెచ్చరిక రాస్తుంటే, మేనేజర్ భూమేశ్వర్ వెనకే నిలబడ్డాడు.

“నొక్కినోళ్ల మీద యాక్షన్ ఉంటదని రాయి.”

“గట్ల రాస్తే నొక్కినోళ్లు నోరు విప్పరు సర్.”

స్టాఫ్ వాట్సాప్ గ్రూపులో ఆమె ఇలా పెట్టింది: “ల్యాబ్ రిపోర్టు మెయిల్ నకిలీది. లింకు నొక్కొద్దు, ఎవరికీ పంపొద్దు. పాస్‌వర్డ్ కొట్టినవాళ్లు వెంటనే నాకు ఫోన్ చేయండి. ఎవరినీ ఏమీ అనం.”

మొదటి ఫోన్ భూమేశ్వర్ గది నుంచే వచ్చింది. యమున పరుగున వెళ్లి అతని పాస్‌వర్డ్ మార్పించి, తెరిచి ఉన్న లాగిన్లన్నీ మూసేసింది. చూస్తే, బయటివాళ్లెవరూ ఇంకా చొరబడలేదు. భూమేశ్వర్ చెమట తుడుచుకున్నాడు.

“గా ఆఖరి మాట నాకు గూడ వర్తిస్తదా యమునా?”

“అందుకే రాసిన సర్.”