నాలుగున్నర అడుగుల గీతలు

నాకు నోరెక్కువ. డ్రిల్లు మాస్టరన్నాక నోరుండాలి, ఈల ఒక్కటే సరిపోదు. సూర్యాపేట కాలేజీ గ్రౌండ్‌లో నేను అరిస్తే బస్టాండు దాకా వినిపిస్తుందని పిల్లలు నవ్వుకునేవాళ్లు. ఆ నోటితోనే 1993 మార్చిలో దీప్లా కాలు విరగ్గొట్టాను. కర్ర ఎత్తలేదు, తొయ్యలేదు. రెండు మాటలు అరిచాను, అంతే.

దీప్లాది పెన్‌పహాడ్ దగ్గర తండా. తండ్రి ఫకీరా మిర్యాలగూడలో రైస్‌మిల్లు హమాలీ. సీజన్‌లో దీప్లా కూడా అక్కడే బస్తాలు మోసేవాడు. ఆ ఏడు కానిస్టేబుల్ సెలక్షన్లు పడ్డాయి. ఐదు కిలోమీటర్లు ఇరవై ఐదు నిమిషాల్లో పరుగెత్తాలి. వయసు లెక్కలో వాడికి అదే ఆఖరి సారి. తప్పితే మళ్లీ బస్తాలే. ఆ సంగతి వాడికి తెలుసు, నాకూ తెలుసు.

పొద్దున్నే గ్రౌండ్‌లో ఇరవై మంది దాకా నా దగ్గర ప్రాక్టీసు చేసేవాళ్లు. దీప్లా మొదటి రోజు పరుగెత్తుతుంటే నాకు నవ్వాగలేదు. చిన్న చిన్న అడుగులు, కోడిపెట్టలా టకటకా.

"ఏందిరా, గది ఉరుకుడా? సంతకు పోతున్నవా? అడుగు సాపు!" అన్నాను.

కాలేజీ రోజుల్లో ఎనిమిది వందల మీటర్లలో నాకు మెడల్ వచ్చింది. నాది పొడుగు అడుగు. అడుగు పొడుగైతే అడుగులు తక్కువ, అడుగులు తక్కువైతే అలుపు తక్కువ అని నేనే ఒక సిద్ధాంతం కట్టుకున్నాను. నన్ను అడిగేవాడెవడు? అందుకని దీప్లా కోసం గ్రౌండ్ పొడవునా టేపు పెట్టి కొలిచి, నాలుగున్నర అడుగులకో సున్నపు గీత వేశాను. రోజూ తెల్లారి వెళ్లి ఆ గీతలు దిద్దేవాణ్ణి. ప్రతి గీత మీదా కాలు పడాలి. వాడు ఒక్కటి కూడా తప్పేవాడు కాదు. సార్ చెప్పాడంటే దీప్లాకు అంతే.

పదిహేను రోజుల్లో వాడి టైం నిమిషం తగ్గింది. రోజూ పరుగెత్తితే ఎవడికైనా తగ్గుతుంది. నేను మాత్రం అది గీతల మహిమ అనుకున్నాను.

ఒకరోజు ఫకీరా మిల్లుకు సెలవు పెట్టి వచ్చాడు. తలగుడ్డ చేత్తో పట్టుకుని అంచున నిలబడి కొడుకు పరుగును కాసేపు చూశాడు.

"సారూ, మీకు సెప్పేటంత పెద్దోణ్ణి కాదు. మూట మోసేటోడు కాలు ముందర పారెయ్యడు. పారేస్తే మోకాలు గుంజుతది. కాలు కడుపు కిందనే పడాలె" అన్నాడు.

"నీ కొడుకు ఇప్పుడు మూట మోస్తలేడు ఫకీరా, నౌకరి కోసం ఉరుకుతున్నడు."

"ఒళ్లు మూట కాదా సారూ?"

పదిమందిలో ఒక హమాలీ నాకు పరుగు నేర్పుతాడా అని ఒళ్లు మండింది. "నువ్వు పోయి నీ బస్తాలు సూస్కోపో" అన్నాను. అతను తలూపి వెళ్లిపోయాడు.

డిసెంబరులో దీప్లాకు మోకాలి చిప్ప కింద నొప్పి మొదలైంది. తర్వాత కుడి పిక్క ముందు వైపు, ఎముక మీద, వేలితో చూపించేంత చోట పట్టుకుంది. జండూబామ్ రాసుకోమన్నాను. నొప్పి లేకుండా నౌకరీ వస్తదారా అని నలుగురిలో అన్నాను. వాడు నవ్వి మళ్లీ గీతల మీదకు పోయాడు.

జనవరి మొదట్లో స్కూలు ఆటల పోటీలకు కోదాడ వెళ్తూ, గీతలు వెయ్యడానికి, సామాను మొయ్యడానికి దీప్లాను వెంట తీసుకెళ్లాను. అక్కడి ఆడపిల్లల స్కూల్లో డ్రిల్లు టీచరు స్వరాజ్యలక్ష్మి. బెంగుళూరులో కోచింగు కోర్సు చేసి వచ్చింది. పోటీలయ్యాక దీప్లా గ్రౌండ్ చుట్టూ తిరుగుతుంటే ఆవిడ స్టాప్‌వాచీ తీసింది. అర నిమిషం పాటు వాడి కుడికాలు ఎన్నిసార్లు పడుతుందో లెక్కపెట్టింది. ముప్పై ఎనిమిది. అంటే రెండు కాళ్లకూ కలిపి నిమిషానికి నూట యాభై రెండు అడుగులు.

"మాస్టారూ, ఇలా రండి" అని, లాంగ్‌జంప్ గుంట దగ్గర తడి ఇసుక సాపుచేసి, దాని మీద వాణ్ణి పరుగెత్తించింది. ప్రతి అడుగులోనూ మడమ గుంట లోతుగా పడింది, ఇసుక ముందుకు లేచింది.

"చూశారా? మోకాలు చాచి, కాలు ఒంటికంటే ఎంతో ముందు వేస్తున్నాడు. వేసిన ప్రతిసారీ బ్రేకు పడుతోంది. ఆ దెబ్బ మోకాలికీ ఎముకకీ తగులుతోంది. మళ్లీ తోసుకుని లేవాలి. అడుగు కాస్త తగ్గించి, త్వరగా వేస్తే కాలు ఒంటి కిందకొస్తుంది, మోకాలు వంగి పడుతుంది."

"అడుగులు ఎక్కువైతయి గదా మేడం? ఎక్కువ సార్లు పడితే ఎక్కువ దెబ్బ గాదా?" అన్నాను. గెలిచాననే అనుకున్నాను.

"ఎక్కువవుతాయండి. కానీ ఒక్కో అడుగుకి మోకాలి మీద పడే బరువు అంతకంటే బాగా తగ్గుతుంది. మొత్తం మీద మోకాలికి లాభమే. పిక్కకి పని పెరగొచ్చు, అందుకే ఒక్కసారిగా మార్చకూడదు. ఇంకోటి, ఇది మందు కాదు. ఎముక ఇప్పటికే చీలి ఉంటే చిన్న అడుగు దాన్ని అతికించదు. ముందు ఎక్స్‌రే తీయించండి."

సూర్యాపేట దవాఖానలో తీయించాం. వెంట్రుక మందాన చీలిక. డాక్టరు ఆరు వారాలు పరుగు బంద్ అన్నాడు, ఎనిమిదైతే ఇంకా మంచిదన్నాడు. సెలక్షన్‌కు పది వారాలుంది. ఆరు తీసుకున్నాం.

ఆ సాయంత్రం గ్రౌండ్‌కు వెళ్లి గీతలన్నీ చెప్పుతో చెరిపేశాను. ఎండిన సున్నం సరిగ్గా పోలేదు. ఫకీరాకు ఒక మాట చెప్పాలనుకున్నాను. మిర్యాలగూడ ఎంత దూరం, బస్సెక్కితే గంటన్నర. పోలేదు.

ఆరు వారాల తర్వాత స్వరాజ్యలక్ష్మి రాసిచ్చిన కాయితం ప్రకారం మొదలుపెట్టాం. మొదట నడక, నడక మధ్యలో నిమిషం పరుగు, తర్వాత రెండు. అడుగు పొడవు నాలుగడుగుల దగ్గర, రెండు కాళ్లకూ కలిపి నిమిషానికి నూట అరవై అయిదు. దీప్లా కుడికాలు పడ్డప్పుడల్లా మనసులో లెక్కపెట్టుకునేవాడు. మొదటి వారం పిక్కలు పట్టేశాయి, తర్వాత సర్దుకున్నాయి. మోకాలి నొప్పి పోయింది. పిక్క ఎముక మీద నొక్కితే కొంచెం ఉందనేవాడు. ఉరుకుడులో మాత్రం తెలుస్తలేదు సార్ అనేవాడు. నాలుగు వందల మీటర్ల రౌండు రెండు నిమిషాల్లోపు తిరిగితే పన్నెండున్నర రౌండ్లు ఇరవై ఐదు నిమిషాల్లోపే అయిపోతాయి. మా లెక్క అదొక్కటే.

సెలక్షన్ నల్లగొండలో. కంచె ఇవతల నేను, నా పక్కన ఫకీరా. మా ఇద్దరి మధ్య పాత మాటలేమీ రాలేదు. అతను నాకు ఒక బీడీ ఇవ్వబోయాడు, నేను వద్దన్నాను.

దీప్లా బాగా పరుగెత్తాడు. కోడిపెట్టలాగే, టకటకా. కాలు కడుపు కిందనే పడుతోంది. పక్కవాళ్లు అంగలు చాచి వాణ్ణి దాటిపోతున్నారు, నాలుగు రౌండ్లయ్యాక అందులో కొందరు నడుస్తున్నారు. వీడు అదే టకటక. పదకొండున్నర రౌండ్లయ్యాయి. ఇంకొక్క రౌండు మిగిలింది. నా వాచీలో ఇరవై రెండు నిమిషాల యాభై సెకన్లు.

అప్పుడు ముగ్గురు కలిసి వాణ్ణి దాటారు. ఇరవై మూడవుతోంది, ఇరవై మూడవుతోంది అని నా గుండె కొట్టుకుంది. లెక్క చేసుకోలేదు. అవతల వైపు నుంచి మలుపు తిరిగి వాడు నా ముందుకు వచ్చేసరికి నోరు దానంతటదే లేచింది.

"సాపు దీప్లా! అడుగు సాపు!"

వాడు ఒక్కసారి నా వైపు చూశాడు. తర్వాత అడుగు చాచాడు. నాలుగున్నర, అక్కడ గీతలున్నట్టే. మడమలు నేలను గుద్దుతున్నాయి. పది అడుగులు, ఇరవై, ముప్పై. ఎండుకట్టె విరిచిన చప్పుడు కంచె ఇవతలకు వినబడింది. వాడు పక్కకు పడిపోయి, చేతుల మీద కొంత దూరం పాకాడు. ఫకీరా కంచె దూకాడు. నేను వాచీ ఆపాను. ఎందుకు ఆపానో తెలియదు.

ఎముక పూర్తిగా అతుక్కోలేదని అక్కడి డాక్టరన్నాడు. చిన్న అడుగుతోనే అయినా అక్కడే విరిగి ఉండేదేమో, చెప్పలేమన్నాడు. మంచివాడు. ఆ మాట పట్టుకుని బతకొచ్చు.

తిరుగు బస్సులో లెక్క చేశాను. రౌండుకు నూట పంతొమ్మిది సెకన్లు. అలాగే ఒక్క రౌండు తిరిగి ఉంటే ఇరవై నాలుగు నిమిషాల నలభై తొమ్మిది సెకన్లు. పదకొండు సెకన్లు మిగిలేవి. నోరు మూసుకుంటే చచ్చేవాణ్ణా? ఏడుపు రాలేదు. ఇప్పటికీ రాదు. ఇంటికి పోయి అన్నం తిన్నాను.

ఎనిమిది నెలల తర్వాత మిర్యాలగూడ వెళ్లాను. మిల్లు ఆవరణలో లారీకి పలక వేసి హమాలీలు బస్తాలెక్కిస్తున్నారు. మోకాళ్లు కొంచెం వంచి, అడుగు అడుగుకూ కాలు ఒంటి కిందే వేస్తూ, పలక మీద టకటకా ఎక్కుతున్నారు. అందులో ఫకీరా ఉన్నాడు. దీప్లా నీడలో కూర్చుని దబ్బనంతో గోనెసంచుల మూతులు కుడుతున్నాడు. కుడికాలు చాపుకుని ఉన్నాడు. బరువెత్తొద్దన్నారట.

"రండ్రి సార్, కూసోండ్రి" అని తన గోనెపట్టా నాకిచ్చాడు.

కూర్చున్నాను. చాయ్ తెప్పించాడు. బస్సులో నేను చేసిన లెక్క వాడికి చెప్పాలని వచ్చాను. చెప్పకుండా కూడా పోవచ్చు. చాయ్ అయిపోయింది.

"దీప్లా, ఆ రోజు టైం సరిపోతుండెరా. నేను అరవకపోతే నీకు నౌకరి వచ్చేది. పదకొండు సెకన్లు మిగులుతుండె" అన్నాను.

వాడు దారం పళ్లతో తెంపాడు.

"ఎరుకే సార్. రౌండుకు కుడికాలు నూట అరవై అయిదు సార్లు. ఒక్క రౌండు గూడ తప్పలే. లెక్క పెట్టుకుంటనే ఉన్న. సరిపోతుండె."

"ఎరుకైతే మరెందుకు సాపినవ్‌రా?"

వాడు తలెత్తి నన్ను చూశాడు. ఇందులో అడగడానికేముందన్నట్టు చూశాడు.

"మీరన్నరు గద సార్."

తర్వాత దబ్బనంలోకి దారం ఎక్కించుకుని ఇంకో సంచి దగ్గరికి లాక్కున్నాడు.