గొంగడి దాటని కరెంటు

ఆ ఉదయం ఉదయగిరి కొండ మీదికి మంచు మబ్బు దిగింది. మా బావ కువైట్ నుంచి తెచ్చిన, ఒంటికి ఆనించి మీట నొక్కితే కరెంటు కొట్టే షాక్ మిషన్‌ను నమ్ముకొని, అడవి కాపలాకు వెళ్తూ నేను నాతోటి వాచర్ మస్తానయ్యను కర్ర పట్టనివ్వలేదు.

"నిన్న దీన్ని నీ చేతికి ఆనిస్తే గంతేసినావే. కర్రెందుకురా?" అన్నాను.

అడవిలో ఒకడు దొంగతనంగా చెట్టు నరుకుతూ కనబడ్డాడు. చలికి గొంగడి కప్పుకొని ఉన్నాడు. వెనక నుంచి వెళ్లి మిషన్ వాడి వీపుకు ఆనించి మీట నొక్కాను. మిషన్ కొసనున్న రెండు ముళ్ల మధ్య టకటకమని కొట్టుకున్న కరెంటు మందపాటి ఉన్ని దాటి ఒంటికి చేరలేదు. వాడు గొడ్డలి తిరగేసి, అడ్డొచ్చిన మస్తానయ్య కుడి చెయ్యి విరగ్గొట్టి పారిపోయాడు.

ఆత్మకూరులో కట్టు కట్టించాక మస్తానయ్య మెల్లగా అన్నాడు: "ఒంటికి తగిలినా అది ఉత్త నొప్పేరా, మనిషిని పడెయ్యదు. నిన్న నేను గంతేసినానే గాని పడిపోయినానా?"

నేను అతన్ని ఇంటికి తీసుకెళ్లాను.

వాళ్లింట్లో అతని భార్య అన్నం పెట్టింది. అతని కంచంలో పప్పన్నం నేనే కలిపాను. అతను ఎడమ చేత్తో తిన్నాడు.